ఓవెన్లో వెల్లుల్లి గడ్డ: ముందు మెత్తదనం, తరువాత తీపి

మొదటి రోజు

వెల్లుల్లి గడ్డను రెబ్బలుగా విడదీయకుండా, పొట్టుతో సహా ఓవెన్లో కాల్చాలి. చివరకు రెబ్బను వేళ్లతో నొక్కితే లోపలి గుజ్జు వెన్నలా జారి బయటికి రావాలి. ఘాటు పోయి తీపి తేలాలి, కత్తితో రాస్తే రొట్టె మీద పలుకు తగలకుండా పరుచుకోవాలి. నేను పెట్టుకున్న పని ఇంతే. ఇదివరకు నాలుగైదు సార్లు చేశాను గాని, ఒకసారి చక్కగా వచ్చింది మరొకసారి ఎందుకు చెడిందో చెప్పలేకపోయాను. అందువల్ల ఈసారి ఉష్ణోగ్రతనూ సమయాన్నీ గడ్డ బరువునూ రాసుకుంటూ చేయాలని నిర్ణయించుకున్నాను.

గడ్డలన్నీ ఒకే పరిమాణంలో ఉండేలా ఏరుకున్నాను. ఒక్కొక్కటి 57 గ్రాములకు ఒక గ్రాము అటూ ఇటూ తూగింది. చేత్తో నొక్కితే గట్టిగా ఉండి, రెబ్బకూ పొట్టుకూ మధ్య ఖాళీ లేనివి, మొలక కనిపించనివి మాత్రమే తీసుకున్నాను. పైన వదులుగా ఉన్న ఎండు పొరలను ఒలిచేసి, రెబ్బలను కలిపి ఉంచే లోపలి పొరనూ అడుగున వేళ్లు పుట్టే గట్టి భాగాన్నీ అలాగే ఉంచాను. ఆ అడుగుభాగాన్ని కోసేస్తే గడ్డ విచ్చుకుపోతుంది, రసం కూడా కిందికి కారిపోతుంది. తరువాత పైనుంచి ఒక సెంటీమీటరు మేర అడ్డంగా కోసి తీసేశాను. నడుమ రెబ్బలు పొడుగ్గా, పక్కవి పొట్టిగా ఉంటాయి కాబట్టి ఒక్క కోతకు అన్నీ తెరుచుకోవు. తెగని పక్క రెబ్బల కొనలను చిన్న కత్తితో విడివిడిగా గిల్లాను. ఈ పనికి బద్ధకిస్తే ఆ రెబ్బల గుజ్జు పిండేటప్పుడు బయటికి రాక పొట్టులోనే నలిగిపోతుందని పాత అనుభవం.

కోసిన ముఖాల మీద ఒక టీస్పూను నూనె పోసి, చిటికెడు ఉప్పు చల్లి, అల్యూమినియం ఫాయిల్లో గడ్డను గిన్నెలా నిలబెట్టి, పైన మూయకుండా వదిలేశాను. ఓవెన్ మీటను 220 డిగ్రీల సెల్సియస్ దగ్గర పెట్టి, వేడెక్కిన తరువాత గడ్డను లోపల ఉంచి 35 నిమిషాలు ఆగాను.

ఫలితం చెడ్డది. పైకి చూస్తే కోసిన ముఖాలు ముదురు గోధుమ రంగుకు తిరిగి అందంగానే ఉన్నాయి. కాని వేలితో తడితే తోలులా ఎండిపోయి ఉన్నాయి, అంచులు నల్లబడి నోటికి చేదు తగిలాయి. పక్క రెబ్బలు మెత్తబడ్డాయి గాని, నడుమ రెబ్బను సగానికి చీలిస్తే లోపల ఇంకా తెల్లగా, కొరికితే పటుక్కుమనేంత గట్టిగా ఉంది. ఒకే గడ్డలో మాడినదీ ఉడకనిదీ పక్కపక్కనే చేరాయన్నమాట.

రెండో రోజు

నిన్నటి తప్పుకు భయపడి ఈరోజు పూర్తిగా అటు కొసకు వెళ్లాను. మీటను 160 దగ్గర పెట్టి, గడ్డను ఫాయిల్లో గాలి చొరకుండా చుట్టి, గంటసేపు ఉంచాను. విప్పి చూస్తే మెత్తదనానికి ఏ లోటూ లేదు, నొక్కగానే రెబ్బలు జారి వచ్చాయి. కాని గుజ్జు తెల్లగా, తడిగా ఉంది. రెండు రెబ్బల్లో లేత ఆకుపచ్చ ఛాయ కూడా కనిపించింది. చల్లని చోట నిలవ ఉన్న వెల్లుల్లిని నెమ్మదిగా వేడి చేసినప్పుడు దానిలోని గంధకపు పదార్థాల వల్ల ఇలాంటి రంగు పుడుతుంది. హాని లేదు, చూడటానికే బాగుండదు.

ఏది ఎలా కాల్చానో చెప్పకుండా అక్కకు ఒక రొట్టె ముక్క మీద రాసి ఇచ్చాను. "ఇది ఉడికించావురా, కాల్చలేదు" అని ఒక్క మాటలో తేల్చేసింది. మాట నిజమే. ఘాటు పోయింది గాని దాని చోటులోకి ఏదీ రాలేదు. మెత్తదనమూ తీపీ ఒకే మార్పుకు రెండు పేర్లు కావని, ఒకటి వచ్చినంత మాత్రాన రెండోది వచ్చినట్టు కాదని నాకు స్పష్టంగా తెలిసింది ఈ గడ్డతోనే.

ఘాటు ఎందుకు పోతుందో ఇక్కడే రాసి పెట్టుకుంటే తరువాతి ప్రయత్నాలు అర్థమవుతాయి. పచ్చి వెల్లుల్లి కోయకముందు దాదాపు వాసన లేనిది. కణంలో ఒక అరలో అల్లిన్ అనే పదార్థం, మరో అరలో అల్లినేజ్ అనే ఎంజైమ్ విడివిడిగా ఉంటాయి. కోసినా దంచినా అరలు చిట్లి రెండూ కలుస్తాయి, అప్పుడు అల్లిసిన్ అనే ఘాటైన పదార్థం పుడుతుంది. గడ్డను గడ్డగానే వేడి చేస్తే, ఆ రెండూ కలిసేలోపే వేడికి ఎంజైమ్ పని చేయకుండా పోతుంది. కాబట్టి కోసిన కొనల దగ్గర పుట్టిన కొద్దిపాటి ఘాటు తప్ప, మిగతా రెబ్బలో ఘాటు అసలు పుట్టదు. ఆ కొద్దిపాటిదీ ఓవెన్ వేడికి విరిగిపోతుంది. రెబ్బలను ముందే ఒలిచి చిదిమి కాల్చితే ఈ నెమ్మదైన రుచి రాకపోవడానికి కారణం ఇదే.

మూడో రోజు

ఈరోజు ఏదీ కాల్చలేదు. మొదటి రోజు అంచులు అంత త్వరగా నల్లబడటం నాకు అనుమానం కలిగించింది కాబట్టి, ఓవెన్ లోపల పెట్టే థర్మామీటరును నడి అరలో ఉంచి, మీటను 190 దగ్గర పెట్టి అరగంట గమనించాను. ముల్లు 205 దగ్గర నిలిచింది. వేడి తీగలు ఆగినప్పుడు కాస్త కిందికి దిగి, వెలిగినప్పుడు పైకి ఎక్కినా సగటున 15 డిగ్రీలు ఎక్కువే చూపించింది. అంటే మొదటి రోజు నేను 220 అనుకున్నది నిజానికి 235కు దగ్గర్లో ఉండి ఉంటుంది.

పైగా చిన్న ఓవెన్లో పై తీగలు గడ్డకు బాగా దగ్గరగా ఉంటాయి. చుట్టూ ఉన్న గాలి ఎంత వేడిగా ఉందో థర్మామీటరు చెబుతుంది గాని, ఎర్రగా కాలుతున్న తీగ నుంచి సూటిగా పడే సెగను చెప్పదు. అందువల్ల అరను ఒక మెట్టు కిందికి దించాను. ఇకపై ఈ డైరీలో రాసే డిగ్రీలన్నీ థర్మామీటరు చూపినవే, మీట మీదివి కావు.

నాలుగో రోజు

అన్నిటికంటే ఎక్కువ నేర్పిన రోజు ఇది. ఒకే తూకానికి దగ్గరగా ఉన్న ఐదు గడ్డలను ఒకే తీరుగా కోసి, ఒక్కొక్క టీస్పూను నూనె పోసి, ఐదు వేర్వేరు ఫాయిల్ పొట్లాలుగా గట్టిగా చుట్టాను. 190 డిగ్రీల దగ్గర అన్నిటినీ ఒకేసారి లోపల పెట్టి, 30, 40, 50, 60, 75 నిమిషాలకు ఒక్కొక్కటి బయటికి తీశాను. చివరి దాని నడుమ రెబ్బలోకి సన్నని సూది థర్మామీటరును గుచ్చి, దాని తీగను తలుపు సందులోంచి బయటికి తెచ్చుకున్నాను. తలుపు తెరిచిన ప్రతిసారీ వేడి కొంత పడిపోయింది కాబట్టి ఈ నిమిషాలను ఒకటి రెండు అటూ ఇటూగా చదువుకోవాలి.

30 నిమిషాల గడ్డ 55 గ్రాములు తూగింది. బయటి వరస మెత్తగా, నడుమ రెబ్బ సగం ఉడికిన దుంపలా ఉంది. సూది 88 డిగ్రీలు చూపించింది. 40 నిమిషాల దానిలో అన్ని రెబ్బలూ మెత్తబడ్డాయి, ఘాటు పూర్తిగా పోయింది, బరువు 53. కాని రుచి రెండో రోజు గడ్డ రుచే, అక్క చెప్పిన ఉడికించిన రుచి. 50 నిమిషాలకు గుజ్జు దంతపు రంగుకు తిరిగింది, పొట్టుకు అంటిన వైపు తేనె రంగు గీత ఒకటి కనిపించింది. 60 నిమిషాల గడ్డ 48 గ్రాములకు దిగింది. దాని కొనలూ అడుగులూ తేనె రంగులో, నడుమ భాగం లేత గోధుమ రంగులో ఉంది, నాలుక మీద తీపి స్పష్టంగా తెలిసింది. 75 నిమిషాలది 44 గ్రాములే ఉంది. పెద్ద రెబ్బల వరకు చూస్తే ఐదింటిలో అన్నిటికంటే తియ్యనిది ఇదే. కాని బయటి చిన్న రెబ్బలు ముడుచుకుపోయి జిగురు మిఠాయిలా పొట్టుకు అతుక్కున్నాయి, ఫాయిల్ అడుగున చేరిన రసం నల్లగా మాడి ఆ చేదు అడుగు రెబ్బలకు పట్టింది.

సూది చూపిన అంకెలు మాత్రం నేను ఊహించనివి. 40 నిమిషాలకు 96, 50 నిమిషాలకు 98. ఆ తరువాత గడ్డను తీసేదాకా ముల్లు దాదాపు అక్కడే నిలబడిపోయింది. ఓవెన్ 190 దగ్గర ఉన్నా రెబ్బ నడుమ నీరు ఉన్నంతసేపు వేడి 100 దాటదు, వచ్చిన వేడంతా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. మెత్తబడటానికి ఆ వేడి చాలు. కణాల గోడలను పట్టి ఉంచే పెక్టిన్ తడిలో, అంత వేడిలో కరిగి వదులైపోతుంది. చక్కెరలూ అమైనో ఆమ్లాలూ కలిసి గోధుమ రంగునూ కాల్పు వాసననూ పుట్టించే మార్పు మాత్రం తడి తగ్గిన చోట, వేడి పెరిగిన చోటే చురుకుగా సాగుతుంది. అందుకే రంగు ముందుగా కొనల్లో, పొట్టుకు ఆనిన వైపున, అడుగున కనిపించింది.

తీపి సంగతీ ఇలాంటిదే. వెల్లుల్లిలో నీరు పోగా మిగిలే పదార్థంలో ఎక్కువ భాగం ఫ్రక్టాన్లు అనే పొడవాటి చక్కెర గొలుసులు, వాటికవిగా పెద్దగా తియ్యగా ఉండవు. ఎక్కువసేపు వేడి తగిలితే వాటిలో కొంత భాగం చిన్న చక్కెరలుగా విడిపోతుంది, నీరు తగ్గేకొద్దీ ఉన్న చక్కెర చిక్కబడుతుంది, ఇంతకాలం దాన్ని కప్పి ఉంచిన ఘాటు కూడా ఉండదు. ఈ మూడూ కలిస్తేనే నాలుకకు తీపి. 40వ నిమిషంలో మూడోది ఒక్కటే పూర్తయింది. మెత్తగా ఉంది కదా అని ఆ నిమిషంలో ఓవెన్ ఆపేసేవారికి చప్పని గుజ్జే దక్కుతుంది. నేను ఇదివరకు చేసిన పొరపాటు కూడా బహుశా అదే, గడ్డ మెత్తబడిందో లేదో చూసుకుని సంతోషపడి తీసేసేవాణ్ణి.

ఆరో రోజు

మూసి ఉంచితే మెత్తదనం, తెరిచి ఉంచితే రంగూ తీపీ వస్తాయని తేలింది కాబట్టి, రెంటినీ ఒకదాని తరువాత ఒకటి పెట్టి చూశాను. 190 డిగ్రీల దగ్గర 45 నిమిషాలు మూసిన పొట్లంలో ఉంచి, తరువాత ఫాయిల్ పైభాగాన్ని పువ్వు రేకుల్లా విప్పి, కోసిన ముఖాల మీద అర టీస్పూను నూనె మళ్లీ పోసి, మరో 15 నిమిషాలు కాల్చాను. ఈ రెండో నూనె అనవసరమనిపించవచ్చు. కాని నూనె పూయకుండా వదిలేసిన పక్క గడ్డ ముఖాల మీద మొదటి రోజు చూసిన తోలు పొర మళ్లీ కట్టింది.

విప్పిన తరువాత అక్కడే ఉండి చూడాలి. పదో నిమిషం దాకా పెద్దగా ఏమీ జరగదు. కోసిన రంధ్రాల్లో నూనె చిన్న చిన్న బుడగలుగా చిటపటలాడుతూ ఉంటుంది. ఆ తరువాత బుడగలు పెద్దవై, నెమ్మదిగా, చిక్కగా లేస్తాయి. రెబ్బల కొనలు పొట్టు అంచు కంటే కాస్త పైకి ఉబ్బి తేనె రంగు నుంచి లేత కాఫీ రంగుకు తిరుగుతాయి. వాసన కూడా మారుతుంది. అంతసేపూ ఉడికిన ఉల్లి వాసన వచ్చినది ఒక్కసారిగా వేయించిన గింజల వాసనలోకి వెళ్తుంది. ఆ వాసన వచ్చిన రెండు మూడు నిమిషాల్లో తీసేయాలి. ముక్కుకు కొద్దిగా గుచ్చుకునే వాసన మొదలైతే అడుగు రసం మాడుతున్నట్టే, అప్పటికే ఆలస్యమైంది.

తీసిన వెంటనే పొట్లాన్ని తిరిగి వదులుగా మూసి పావుగంట పక్కన పెట్టాను. ఎండిన కొనలు లోపలి ఆవిరికి మళ్లీ మెత్తబడటానికి ఈ పావుగంట అవసరం. పైగా వేడిగా పిండబోతే చేతులు కాలుతాయి. పూర్తిగా చల్లారనివ్వకూడదు. చల్లారితే గుజ్జు గట్టిపడి సగం పొట్టులోనే ఉండిపోతుంది. గోరువెచ్చగా ఉన్నప్పుడు గడ్డను తలకిందులు చేసి, వేళ్ల వైపు నుంచి కోసిన వైపుకు నెమ్మదిగా నొక్కుతూ వచ్చాను. రెబ్బలు విరగకుండా ఒక్కొక్కటీ మొత్తంగా జారి గిన్నెలో పడ్డాయి. కాల్చిన గడ్డ 43 గ్రాములు, చేతికి వచ్చిన గుజ్జు 31 గ్రాములు, అంటే సుమారు రెండు టేబుల్ స్పూన్లు. మిగతాది పొట్టు, అడుగు గట్టి భాగం, పొట్టుకు అంటుకున్న కొద్దిపాటి గుజ్జు.

ఫోర్కుతో మెదిపితే పదిహేను సెకన్లలో ముద్ద అయింది, కాని కొనల దగ్గరి ముదురు భాగాలు చిన్న పలుకుల్లా మిగిలాయి. వాటిని ఏరి పారేయడం కంటే, చిటికెడు ఉప్పు వేసి ముద్దను కత్తి వెడల్పు వైపుతో పలక మీద రెండు మూడు సార్లు రుద్దడం మేలనిపించింది. ఉప్పు పలుకులు వాటిని నలిపేస్తాయి, ఆ ముదురు భాగంలోనే కాల్పు రుచి ఎక్కువగా ఉంటుంది. మిక్సీలో వేసి చూసిన కొద్ది భాగం మాత్రం జిగురుగా సాగింది, అది నాకు నచ్చలేదు. అక్క ఈసారి ఏమీ అనలేదు గాని గిన్నె ఖాళీ చేసింది.

తొమ్మిదో రోజు

ఇదే కొలత ఏ గడ్డకైనా నప్పుతుందా అని, మూలన పడి ఉన్న పాత గడ్డలు రెండు తీసుకున్నాను. పరిమాణంలో కొత్తవాటి లాగే ఉన్నా తూకం 46 గ్రాములే. రెబ్బలు పొట్టులో కాస్త కదులుతున్నాయి, కోసిన ముఖాల నడుమ పచ్చని మొలక చుక్కలు కనిపించాయి. ఒకదాన్ని మామూలుగా, రెండోదాని పొట్లంలో ఒక టీస్పూను నీళ్లు చిలకరించి, 45 నిమిషాలూ ఆపైన 15 నిమిషాలూ కాల్చాను.

నీళ్లు లేని గడ్డలో పెద్ద రెబ్బలు సాగే ముద్దగా, చిన్నవి తోలుగా మారాయి. మెత్తబడటానికి కావలసిన తడి దానిలో ముందే తక్కువ కాబట్టి, ఎంతసేపు కాల్చినా ఎండటమే జరిగింది. నీళ్లు చిలకరించినది చాలావరకు మెత్తబడింది, గుజ్జు 22 గ్రాములు వచ్చింది. విప్పిన తరువాత 10 నిమిషాలకే రంగు తిరిగింది కాబట్టి పాత గడ్డకు రెండో దశ తగ్గించుకోవాలి. మొలక మాత్రం లొంగలేదు. నొక్కినప్పుడు గుజ్జుతో పాటు పచ్చని దారంలా బయటికి వచ్చింది. కొస పట్టి లాగితే మొత్తంగా ఊడి వచ్చింది గాని, తీయకుండా నలిపిన ఒక రెబ్బలో పచ్చి చేదు నిలిచిపోయింది. ఇంతకంటే ముదిరిన గడ్డను ఈ పనికి వాడను.

పదో రోజు

ఆరో రోజు కొలతతోనే ఒకేసారి ఆరు గడ్డలు కాల్చాను. ఒకే పెద్ద పొట్లంలో పక్కపక్కనే పెట్టడం వల్ల నడుమ ఉన్నవి వెనకబడ్డాయి. మూసిన దశను 45 నుంచి 55 నిమిషాలకు పెంచితేనే అన్నిటి నడుమ రెబ్బలోకి పుల్ల అడ్డు లేకుండా దిగింది. తెరిచిన దశ మారలేదు. ఒకదానికొకటి తగలకుండా రెండు వేళ్ల ఎడం ఇస్తే ఈ తేడా ఉండదనుకుంటాను, వచ్చేసారి అలా పెట్టి చూడాలి.

నిలవ విషయంలో మాత్రం ప్రయోగం చేయలేదు, చేయకూడదు కూడా. ముద్దను సీసాలో పెట్టి పైన నూనె పోసి గది వేడిలో ఉంచడం ప్రమాదకరం. మట్టిలో పెరిగే వెల్లుల్లికి క్లోస్ట్రిడియం బొట్యులినమ్ అనే బాక్టీరియా బీజాలు అంటి ఉండవచ్చు. అవి 100 డిగ్రీలకు చావవు. ఓవెన్ 190 ఉన్నా రెబ్బ నడుమ వేడి ఎక్కడ ఆగిందో నాలుగో రోజు సూది చూపించనే చూపించింది. పులుపు లేకపోవడం, తడి, నూనె కింద గాలి ఆడకపోవడం, ఈ మూడూ ఆ బీజాలు మొలకెత్తి విషం తయారు చేయడానికి అనువైనవి. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో నూనెలో నిలవ ఉంచిన తరిగిన వెల్లుల్లి తిని పలువురు బొట్యులిజం పాలయ్యారు. ఆ విషం ఉన్నట్టు రుచీ వాసనా చెప్పవు కాబట్టి, వాసన చూసి బాగానే ఉందనుకోవడానికి వీల్లేదు.

అందువల్ల ఆరు గడ్డల ముద్దలో రెండు గడ్డలది మూత ఉన్న గిన్నెలో ఫ్రిజ్‌లో పెట్టి, నాలుగు రోజుల్లో అయిపోవాలని మూత మీద తేదీ రాశాను. ఫాయిల్‌లో మిగిలిన వెల్లుల్లి వాసన నూనెను ఆ పూటే వాడేశాను. మిగతా నాలుగు గడ్డల ముద్దను వెన్న కాగితం మీద టీస్పూను చొప్పున చిన్న కుప్పలుగా పెట్టి, ఫ్రీజర్లో గడ్డకట్టిన తరువాత డబ్బాలోకి మార్చాను. ఒక కుప్పను రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచి కరిగించి చూస్తే అంచున కొద్దిగా నీరు విడిచింది, చెంచాతో రెండు మూడు సార్లు తిప్పగానే ఆ నీరు ముద్దలో కలిసిపోయి మళ్లీ రొట్టె మీద సాఫీగా పరుచుకుంది.